రెండు పద్ధతుల్లో రెండు జవాబులు వస్తే, విడగొట్టిన రూపాన్ని అనుమానించాలి

ప్రశ్న: సార్, మాది గుణుపురం. ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పాత పరీక్ష పేపరు స్కాన్‌లో ఈ లెక్క ఉంది:

∫ (5x² − x + 5) / ((x − 1)²(x + 2)) dx

(x − 1) మీద ఉన్నది 2 అనుకుంటున్నాను, మచ్చలా కనిపిస్తోంది. A/(x − 1)² + B/(x + 2) అని రాసి x = 1, x = −2 పెడితే A = 3, B = 3 వచ్చాయి. గుణకాలు పోల్చితే B = 5, A = 9 వచ్చాయి. ఏది సరైనది? పరీక్షలో ఏ పద్ధతి వాడాలి?

జవాబు:

రెండూ సరైనవి కావు. మీ గుణకారాల్లో, కూడికల్లో ఎక్కడా తప్పు లేదు. భిన్నాన్ని విడగొట్టి రాసిన మొదటి వరుసలోనే పొరపాటు జరిగింది. అక్కడ రెండు ముక్కలు కాదు, మూడు ఉండాలి. అది సరిచేస్తే ఏ పద్ధతిలో చేసినా ఒకే విలువలు వస్తాయి. మీరు రెండు విధాలుగా చేసి చూశారు కాబట్టి తేడా బయటపడింది. మొదటి పద్ధతితోనే ఆగి ఉంటే 3, 3 అన్న చక్కని అంకెలు చూసి, అనుమానం కూడా రాకుండా సమాకలనానికి వెళ్లిపోయేవారు.

ముందు ఆ మచ్చ సంగతి తేల్చుకుందాం. మీరు పంపిన పేజీని పెద్దది చేసి చూశాను. జిరాక్స్‌కు జిరాక్స్ తీసి, దాన్ని మళ్లీ ఫోనుతో స్కాన్ చేసినట్టుంది. ఇలాంటి కాగితాల్లో మొదట చెరిగిపోయేవి ఘాతాంకాలు, ఆ తర్వాత రుణ గుర్తులు. అది 2 అవునో కాదో తేల్చడానికి మచ్చ ఆకారాన్ని చూసి లాభం లేదు, దాని చుట్టూ ఉన్న ఖాళీని చూడండి. (x − 1) బ్రాకెట్ ముగిసిన చోటికీ (x + 2) బ్రాకెట్ మొదలైన చోటికీ మధ్య ఒక చిన్న అంకె పట్టేంత జాగా ఉంది. అక్కడ ఘాతాంకం లేకపోతే అచ్చులో ఆ రెండు బ్రాకెట్లు దాదాపు అంటుకుని ఉంటాయి. పైగా ఆ మచ్చ, లవంలోని x² మీద ఉన్న 2 ఎంత ఎత్తులో ఉందో దాదాపు అంతే ఎత్తులో ఉంది. కాగితం మీద పడిన మరక అయితే అంత కచ్చితంగా అక్కడే పడదు. కాబట్టి అది 2 అనే తీసుకుందాం.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆ 2 లేదనుకున్నా లెక్క నడుస్తుంది. అప్పుడు హారం (x − 1)(x + 2), అంటే దానిలో గరిష్ఠ ఘాతం 2. లవంలోనూ 2. అది అపక్రమ భిన్నం కాబట్టి ముందు భాగించాలి. భాగిస్తే 5 + 3/(x − 1) − 9/(x + 2) వస్తుంది. ఇవీ పూర్ణాంకాలే. జవాబు చక్కగా వచ్చింది కాబట్టి ప్రశ్నను సరిగ్గానే చదివానని అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. లవంలోని రుణ గుర్తు విషయం మాత్రం వేరు. 5x² + x + 5 అని చదివితే స్థిరాంకాలు 22/9, 11/3, 23/9 అవుతాయి. పరీక్ష పేపరు తయారుచేసేవారు సాధారణంగా జవాబు నుంచి వెనక్కి వచ్చి ప్రశ్నను కడతారు. తొమ్మిదో వంతులు కనిపించాయంటే కలం పక్కనపెట్టి గుర్తులను మరోసారి చూసుకోవడం మంచిది. అది రుజువు కాదు, అనుమానించడానికి ఒక ఆధారం మాత్రమే.

ఇప్పుడు మీ రెండు జవాబుల దగ్గరికి వద్దాం. మీరు రాసిన రూపాన్ని హారంతో గుణిస్తే

5x² − x + 5 = A(x + 2) + B(x − 1)²

అవుతుంది. కుడివైపు విస్తరించి గుణకాలు పోల్చితే x² దగ్గర B = 5. x దగ్గర A − 2B = −1, అంటే A = 9. మీరు ఇక్కడే ఆగిపోయారు. రెండు తెలియని విలువలు, రెండు సమీకరణాలు, పని అయిపోయిందని అనుకున్నారు. కానీ మూడో సమీకరణం మిగిలి ఉంది. x లేని పదాలను పోల్చితే 2A + B = 5 కావాలి. A = 9, B = 5 పెట్టి చూడండి, 23 వస్తుంది. 23 ఎప్పటికీ 5 కాదు. అంటే మీరు రాసిన సమీకరణాన్ని తృప్తిపరిచే A, B అసలు లేవు. గుణకాల పద్ధతి ఈ మాట మీకు చెప్పడానికి సిద్ధంగా ఉంది, మీరు చివరి వరకు వినలేదు.

మరి ప్రతిక్షేపణ పద్ధతి ఎందుకు చెప్పలేదు? దానికి చెప్పే శక్తి లేదు. x = 1 పెట్టినప్పుడు మీరు అడిగిన ప్రశ్న ఒక్కటే: x = 1 దగ్గర రెండు వైపులా సమానం కావాలంటే A ఎంత ఉండాలి? దానికి 3 అన్న జవాబు వచ్చింది. x = −2 దగ్గర కూడా అంతే, B = 3. మిగతా x విలువల దగ్గర ఏం జరుగుతోందో ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో చూద్దాం. A = 3, B = 3 పెట్టి, ఎడమవైపు నుంచి కుడివైపు తీసేయండి:

(5x² − x + 5) − [3(x + 2) + 3(x − 1)²]
= 2x² + 2x − 4
= 2(x − 1)(x + 2)

ఈ మిగిలిన దాన్ని ఒక నిమిషం చూడండి. సరిగ్గా x = 1 దగ్గర, x = −2 దగ్గర ఇది సున్నా. మిగతా అన్ని చోట్లా సున్నా కాదు. మీరు చూసిన ఆ రెండు కిటికీల్లోంచి తప్పు కనబడకుండా దాక్కుంది. అంతకంటే ముఖ్యమైనది, ఈ మిగులు ఊరికే మిగల్లేదు. దీన్ని హారం (x − 1)²(x + 2)తో భాగిస్తే 2/(x − 1) వస్తుంది. మీరు రాయకుండా వదిలేసిన మూడో ముక్క అదే, దాని పైనున్న అంకెతో సహా.

ఆ ముక్క ఎందుకు ఉండాలన్నది పట్టికలోని సూత్రంగా కాకుండా అర్థం చేసుకుంటే మళ్లీ మర్చిపోరు. ఆంధ్రా ఇంటర్ పుస్తకాల్లో చాలాకాలం పాటు పాక్షిక భిన్నాలు రెండో సంవత్సరం 2ఏలో విడి అధ్యాయంగా ఉండి, సమాకలనం 2బీలో ఉండేది. అక్కడి పిల్లలు సమాకలనానికి వచ్చేసరికి ఈ విడగొట్టడం వేరే పనిగా సాధన చేసి ఉండేవారు. మన ఒడిశా వైపు ప్లస్ టూలో ఇది సమాకలనం అధ్యాయం లోపలే, నాలుగైదు రూపాల పట్టికగా వచ్చి వెళ్లిపోతుంది. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్ మీడియం, గైడు పార్వతీపురంలో కొన్నది అన్న పరిస్థితిలో ఉన్న మన పిల్లలు ఆ పట్టికను బట్టీ పడతారు. అందులో వర్గం ఉన్న వరుసే ముందుగా జారిపోతుంది.

హారంలో (x − 1)² ఉంటే దాని పైన ఏమేమి ఉండగలవు? ఏ క్రమభిన్నంలోనైనా లవం ఘాతం హారం ఘాతం కంటే తక్కువ. కింద ఘాతం 2 కాబట్టి పైన px + q ఉండవచ్చు, ఒట్టి స్థిరాంకమే ఉండాలన్న నియమం లేదు. ఆ px + q ను (x − 1) రూపంలో తిరగరాస్తే p(x − 1) + (p + q) అవుతుంది. దీన్ని (x − 1)²తో భాగిస్తే

p/(x − 1) + (p + q)/(x − 1)²

వస్తుంది. ఇందులో p ని A అని, p + q ని B అని పిలిస్తే అదే పట్టికలోని వరుస. మన లెక్కలో (x − 1)² పైన నిజంగా ఉండాల్సింది 2x + 1. అంటే 2(x − 1) + 3. మీరు అందులోని 3 మాత్రమే పట్టుకుని, 2(x − 1) వదిలేశారు. అందుకే మీ 3, 3 పూర్తిగా తప్పుడు అంకెలు కూడా కావు. సరైన విడగొట్టడంలో కూడా అవి ఆ స్థానాల్లోనే, అవే అంకెలుగా కనిపిస్తాయి. గుణకాల నుంచి వచ్చిన 9, 5 మాత్రం దేనికీ పనికిరావు.

రూపం సరిగ్గా ఉందో లేదో రాసిన వెంటనే ఒకసారి లెక్కపెట్టుకోవచ్చు. హారం మొత్తం ఘాతం ఎంతో, తెలియని స్థిరాంకాలు కూడా అన్నే ఉండాలి. ఇక్కడ హారం ఘాతం 3, మీరు రాసినవి రెండే. అక్కడే ఆగి ఉండాల్సింది.

సరైన రూపం ఇది:

(5x² − x + 5)/((x − 1)²(x + 2)) = A/(x − 1) + B/(x − 1)² + C/(x + 2)

హారంతో గుణిస్తే

5x² − x + 5 = A(x − 1)(x + 2) + B(x + 2) + C(x − 1)²

మొదట ప్రతిక్షేపణతో చేద్దాం. x = 1 పెడితే A, C ఉన్న పదాలు మాయమవుతాయి. ఎడమవైపు 5 − 1 + 5 = 9, కుడివైపు 3B. కాబట్టి B = 3. x = −2 పెడితే A, B పోతాయి. ఎడమవైపు 20 + 2 + 5 = 27, కుడివైపు C(−3)² = 9C. కాబట్టి C = 3. ఇక్కడ 5x² విలువ 20, −x విలువ +2. ఈ +2 దగ్గర గుర్తు తారుమారు చేసి 23 రాసేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక A మిగిలింది. దాన్ని ఒంటరిగా మిగిల్చే x విలువ ఏదీ లేదు. A పక్కన (x − 1), (x + 2) రెండూ ఉన్నాయి కాబట్టి మిగతావాటిని చంపే విలువ A ను కూడా చంపేస్తుంది. అందుకని చేతికి తేలికైన మూడో విలువ తీసుకోవాలి. x = 0 పెడితే

5 = −2A + 2B + C = −2A + 6 + 3

అంటే −2A = −4, A = 2. ఆలివర్ హెవిసైడ్ పేరుతో పిలిచే మూసివేత పద్ధతి మీ ట్యూషన్‌లో చెప్పి ఉంటే, దానికీ ఇదే పరిమితి ఉంది. (x + 2) ను వేలితో మూసి మిగతా దాంట్లో x = −2 పెడితే 27/9 = 3, అది C. (x − 1)² మొత్తాన్ని మూసి x = 1 పెడితే 9/3 = 3, అది B. కానీ A కోసం ఒక్క (x − 1) ను మూస్తే ఇంకో (x − 1) కిందే ఉండిపోయి సున్నాతో భాగించాల్సి వస్తుంది. వర్గం ఉన్న కారణాంకానికి, అన్నిటికంటే పెద్ద ఘాతం మీద ఉన్న స్థిరాంకాన్ని మాత్రమే మూసివేత ఇస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదివే విద్యార్థికి ఒక అనుమానం రావాలి. అసలు భిన్నానికి x = 1 దగ్గర అర్థమే లేదు, హారం సున్నా అవుతుంది. మరి అదే విలువ ఎలా పెడతాం? మనం పెట్టింది భిన్నాల సమీకరణంలో కాదు, గుణించిన తర్వాత వచ్చిన బహుపదుల సమీకరణంలో. ఆ రెండు బహుపదులు 1, −2 తప్ప మిగతా అన్ని x విలువలకూ సమానం కావాలని మనం కోరుతున్నాం. వాటి తేడా కూడా ఒక బహుపదే, దాని ఘాతం 2 దాటదు. ఘాతం 2 ఉన్న బహుపదికి రెండు కంటే ఎక్కువ మూలాలు ఉండలేవు. ఇక్కడ తేడా లెక్కలేనన్ని చోట్ల సున్నా అవుతోంది కాబట్టి ఆ తేడా సున్నా బహుపదే. అప్పుడు x = 1 దగ్గర కూడా రెండు వైపులూ సమానమే. బహుపదులకు నిరంతరత ఉంది, ఖాళీగా వదిలేసిన ఆ రెండు చోట్ల కూడా అవి విడిపోలేవు అని చెప్పినా సరిపోతుంది. మూడు వేర్వేరు x విలువలు ఎందుకు చాలునో కూడా దీంతోనే తెలుస్తుంది. ఘాతం 2 ఉన్న తేడా మూడు చోట్ల సున్నా అయితే అది అంతటా సున్నానే. మీరు రెండు చోట్లే చూశారు. అందుకే 2(x − 1)(x + 2) తప్పించుకోగలిగింది.

ఇప్పుడు గుణకాల పద్ధతి. కుడివైపును విస్తరించేటప్పుడు అంతా ఒకే వరుసలో రాయకండి. ఒక్కొక్క ముక్కనూ విడిగా విస్తరించి, x² కింద x², x కింద x వచ్చేలా రాయండి:

A(x − 1)(x + 2) = Ax² + Ax − 2A
B(x + 2) = Bx + 2B
C(x − 1)² = Cx² − 2Cx + C

నిలువుగా కూడుకుంటే మూడు సమీకరణాలు:

x² : A + C = 5
x : A + B − 2C = −1
స్థిరపదం : −2A + 2B + C = 5

మొదటి దాని నుంచి C = 5 − A. రెండో దాంట్లో పెడితే A + B − 10 + 2A = −1, అంటే 3A + B = 9. మూడో దాంట్లో పెడితే −2A + 2B + 5 − A = 5, అంటే −3A + 2B = 0. ఈ రెండూ కూడితే A పోయి 3B = 9 మిగులుతుంది. B = 3, A = 2, C = 3. ప్రతిక్షేపణలో వచ్చినవే.

మీ రెండో ప్రశ్న, పరీక్షలో ఏది వాడాలి అన్నది. దేన్నీ ఒంటరిగా వాడకండి. B, C లను x = 1, x = −2 తో తీయండి, రెండు వరుసల్లో అయిపోతుంది. A కోసం x² గుణకం ఒక్కటే పోల్చండి: A + C = 5 కాబట్టి A = 2. మొత్తం మూడు సమీకరణాలు రాసి సాధించే శ్రమ లేదు. ఇంకా వాడని x గుణకం సమీకరణం మీ చేతిలో మిగిలింది. అందులో విలువలు పెట్టండి: 2 + 3 − 6 = −1. సరిపోయింది. ఈ ఒక్క వరుస రాయడానికి పది సెకన్లు పట్టదు. మీరు మొదట రాసిన తప్పు రూపంతో వెళ్లినా ఇలా మిగిలిన సమీకరణం అడ్డం తిరిగి ఉండేది: A = 3, B = 3 తో x² గుణకం 5 రావాల్సిన చోట 3 వచ్చేది. పై అపక్రమ భిన్నంలో భాగించడం మర్చిపోయినా ఇదే జరుగుతుంది. x = 1, x = −2 పెడితే 3, −9 నిక్షేపంగా వచ్చేస్తాయి, కానీ x² గుణకం ఎడమవైపు 5, కుడివైపు అసలు లేదు.

బీజగణితంతో పనిలేకుండా ఒక అంకెతో కూడా సరిచూసుకోవచ్చు. ఇంతవరకు వాడని విలువ తీసుకోవాలి, x = 2 అనుకుందాం. అసలు భిన్నం 23/4, అంటే 5.75. మన ముక్కలు 2 + 3 + 3/4 = 5.75. మీ 3, 3 తో 3 + 3/4 = 3.75 మాత్రమే వస్తుంది. తేడా 2, అదే x = 2 దగ్గర 2/(x − 1) విలువ. 9, 5 తో అయితే 10.25. తప్పు జవాబు ఇంత దూరంలో నిలబడి ఉంటుంది, చూడాలనుకుంటే చాలు.

ఇక సమాకలనం. అసలు ఈ విడగొట్టడం దీనికోసమే. 1702లో లైబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ దీన్ని ప్రచురించింది కూడా సమాకలనం కోసమే. మూడు ముక్కలనూ విడివిడిగా చేద్దాం:

∫ 2/(x − 1) dx = 2 log|x − 1|
∫ 3/(x − 1)² dx = −3/(x − 1)
∫ 3/(x + 2) dx = 3 log|x + 2|

మధ్య వరుస దగ్గర ఆగండి. హారంలో x కనిపించగానే లాగ్ రాయడం చేతికి అలవాటైపోతుంది, 3 log (x − 1)² అని రాసేస్తారు. అక్కడున్నది (x − 1) మీద −2 ఘాతం. ఘాతానికి 1 కలిపితే −1, దానితో భాగిస్తే ముందు రుణ గుర్తు వస్తుంది. లాగ్ వచ్చేది ఘాతం సరిగ్గా −1 అయినప్పుడే. ఇంకో చిన్న సంగతి: స్థిరాంకాల్లో ఒకదానికి C అని పేరు పెట్టాం కాబట్టి సమాకలన స్థిరాంకానికి మళ్లీ C వాడకండి. C = 3 అని పైన రాసి, చివర + C అని రాస్తే దిద్దేవారికి చిరాకు. K అనండి.

∫ (5x² − x + 5)/((x − 1)²(x + 2)) dx = 2 log|x − 1| + 3 log|x + 2| − 3/(x − 1) + K

లాగ్‌లు కలిపితే log|(x − 1)²(x + 2)³| − 3/(x − 1) + K. బహుళైచ్ఛిక ప్రశ్నగా ఇస్తే ఎంపికల్లో ఈ రూపమే కనిపించవచ్చు, రెండూ ఒకటే. లాగ్ పక్కన నిలువు గీతలు మానకండి. x విలువ −2కూ 1కీ మధ్య ఉంటే (x − 1) రుణం, గీతలు లేకపోతే 2 log(x − 1) కు అక్కడ అర్థం లేదు. మీరు మొదట వేసిన దారిలో వెళ్లి ఉంటే జవాబు 3 log|x + 2| − 3/(x − 1) అయ్యేది. చూడ్డానికి బాగానే ఉంటుంది, 2 log|x − 1| ఒక్కటే లోపం. స్థిరాంకాల దశలో సరిచూసుకోకపోతే ఈ దశలో అది కనిపెట్టడం కష్టం, ఎందుకంటే మీరు అవకలనం చేసినా మీ ముక్కలే తిరిగి వస్తాయి. వాటిని మళ్లీ కలిపి అసలు భిన్నంతో పోల్చితే తప్ప తప్పు బయటపడదు.

మీ స్కాన్‌లో దీని కిందే (3x² + 5x + 8)/((x + 2)(x² + 1)) ఉంది. అక్కడ కూడా మీరు ఇదే చోట తడబడతారని అనుమానం, కాబట్టి అది కూడా చెప్పేస్తాను. x² + 1 ను సున్నా చేసే వాస్తవ విలువ లేదు. అది వర్గ కారణాంకం కనుక పైన ఒట్టి స్థిరాంకం చాలదు, Bx + C కావాలి:

3x² + 5x + 8 = A(x² + 1) + (Bx + C)(x + 2)

x = −2 పెడితే 12 − 10 + 8 = 10 = 5A, కాబట్టి A = 2. ఇక్కడితో ప్రతిక్షేపణలో తేలిగ్గా దొరికేవి అయిపోయాయి. x² గుణకం A + B = 3, కాబట్టి B = 1. స్థిరపదం A + 2C = 8, కాబట్టి C = 3. x గుణకం వాడకుండా మిగిలింది, దాంతో సరిచూడండి: 2B + C = 2 + 3 = 5. సరిపోయింది. సమాకలనం చేసేటప్పుడు (x + 3)/(x² + 1) ను x/(x² + 1), 3/(x² + 1) అని రెండుగా చీల్చండి. మొదటిది లాగ్ ఇస్తుంది, రెండోది tan⁻¹ ఇస్తుంది:

2 log|x + 2| + ½ log(x² + 1) + 3 tan⁻¹x + K

రెండో లాగ్‌కు నిలువు గీతలు అక్కర్లేదు, x² + 1 ఎప్పుడూ ధనమే.